వానాకాలం ఆఫీసు బట్టలు: మోకాలి కింద ఏ గుడ్డ?

వానలో తడిసిన బట్ట ఎంత త్వరగా ఆరుతుందనేది దాని దారం ఎంత నీరు తాగుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. వాన పడకపోయినా, మామూలు గాలిలోని తేమ నుంచే వంద గ్రాముల నూలు 8 గ్రాముల దాకా పీల్చుకుంటుంది. పాలిస్టర్ అర గ్రాము కూడా పీల్చుకోదు. దాని మీద పడ్డ నీరు దారాల సందుల్లోనే నిలుస్తుంది కాబట్టి విదిలిస్తే కొంత రాలిపోతుంది, మిగిలింది ఫ్యాను గాలికి ఆరిపోతుంది.

రేయాన్ దగ్గర చాలామంది పొరబడతారు. జారుడుగా, పల్చగా ఉండటంతో అదీ త్వరగా ఆరే రకమే అనిపిస్తుంది. నిజానికి అది చెక్క గుజ్జు నుంచి తీసిన దారం, నూలు కన్నా ఎక్కువ నీరు తాగుతుంది. తడిస్తే బరువెక్కి సాగుతుంది. ఇంట్లో చీలమండ దగ్గర ఆగిన పలాజో బస్టాపు చేరేసరికి నేలను రాస్తుంది. లేబుల్ మీద విస్కోస్ అని ఉన్నా అది రేయానే.

గొడుగు భుజాలను, నడుము దాకా కాపాడుతుంది. తడిసేది ఎక్కువగా మోకాలి కిందే. కాబట్టి త్వరగా ఆరే గుడ్డ అవసరమూ అక్కడే. పైన నూలు చొక్కా వేసుకున్నా ఇబ్బంది లేదు, పైగా ఉక్కపోతలో ఒంటికి హాయి. నిలువునా పాలిస్టర్ వేసుకుంటే చెమట ఆరక వాసన పడుతుంది.

కూకట్‌పల్లిలో బస్సెక్కి హైటెక్ సిటీలో దిగే ఉద్యోగిని సంగతి చూద్దాం. ముదురు నీలం టెరికాట్ ప్యాంటు, మోకాలి వరకే ఉండే చిన్న పూల క్రేప్ కుర్తీ ఆమెకు సరిపోతాయి. టెరికాట్‌లో సాధారణంగా మూడింట రెండు వంతులు పాలిస్టర్, మిగతాది నూలు. అందుకే తడిసి ఆరినా ఇస్త్రీ మడత పెద్దగా చెదరదు. ప్యాంటు కాళ్లు సన్నగా, చీలమండకు రెండు మూడు అంగుళాలు పైనే ఆగాలి. నేలకు తగిలిన అంచు దీపం వత్తిలా నీటిని పైకి లాగుతుంది, బురద మరకా దాంతోపాటే ఎక్కుతుంది. చెప్పులకు మడమ పట్టీ ఉండాలి. వదులు చెప్పు అడుగడుక్కీ బురదను పిక్కల మీదికి చిమ్ముతుంది. ఆఫీసు చేరాక తడి చోటును పొడి తువ్వాలుతో అదిమితే సగం పని అయినట్టే. మగవాళ్లకూ ఇదే ప్యాంటు మేలు. జీన్స్ మందం వల్ల కుట్ల దగ్గర సాయంత్రానికి కూడా చెమ్మ పోదు.

చీర కట్టేవారు జార్జెట్ ఎంచుకున్నా ఫాల్ సంగతి మరిచిపోతారు. చీర ఆరిపోయినా నూలు ఫాల్, నూలు లోలంగా తడిగానే ఉండి కుచ్చిళ్లను కాళ్లకు అంటిస్తాయి. ఫాల్ పాలిస్టర్‌ది కుట్టించి, లోలంగాను రెండంగుళాలు పొట్టిగా పెట్టుకోవాలి.

బురద పడితే వెంటనే రుద్దకూడదు, మట్టి దారాల్లోకి దిగుతుంది. పూర్తిగా ఆరనిచ్చి, బ్రష్‌తో దులిపి, తర్వాత గుడ్డ తిరగేసి వెనక వైపు నుంచి చన్నీళ్లు పోయాలి.