అంచున నిలిచిన జంట

ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్ కలిస్తే డ్యూటెరాన్. దాన్ని విడగొట్టడానికి 2.2 ఎంఈవీ శక్తి చాలు. ఇనుము కేంద్రకంలోనైతే సగటున ఒక్కో కణానికే దాదాపు 8.8 ఎంఈవీ. అంటే డ్యూటెరాన్‌లో ఆకర్షణ బలహీనమా? కానే కాదు.

ఈ రెండూ పయాన్‌ను ఇచ్చిపుచ్చుకుంటాయి. ఇలాంటి కణం ఉండాలని యుకావా 1935లోనే ఊహించాడు. పయాన్‌కు బరువుంది కాబట్టి ఎక్కువ దూరం పోలేదు. 1.4 ఫెర్మీలు దాటితే దాని బలం చకచకా సన్నగిల్లుతుంది. ఫెర్మీ అంటే మిల్లీమీటరులో లక్ష కోట్లో వంతు!

అంత ఇరుకులో కణాలను బంధిస్తే, క్వాంటమ్ నియమం వాటి కదలికను పెంచేస్తుంది. ఆకర్షణలో చాలా భాగాన్ని ఆ కదలికే మింగేస్తుంది. మిగిలేది ఆ 2.2. అందుకే ఈ జంట చాలాసేపు బలం పరిధికి బయటే ఉంటుంది. స్పిన్‌లు ఒకే దిశలో ఉంటేనే ఈ మాత్రం బంధమైనా. ఎదురెదురైతే అదీ నిలవదు.