చిత్రీకరణకు ముందు రంగుల పుస్తకం

దర్శకుని మనస్సులోని దృశ్యం కెమెరామాన్‌కు, దుస్తులు కుట్టించే వారికి ఒకే విధంగా తోచదు. అందుకై రంగులు, దుస్తులు, స్థలాల నమూనాలను ఒకచోట కూర్చిన పుస్తకాన్ని లుక్‌బుక్ అంటారు. 1985లో వెలువడిన ‘రాన్’ చిత్రానికై జపాను దర్శకుడు అకిరా కురొసావా ఏళ్ళ తరబడి దృశ్యాలను స్వయంగా రంగులలో చిత్రించాడు. అందు పెద్ద కుమారునికి పసుపు, రెండవవానికి ఎరుపు, మూడవవానికి నీలం. సైనికుల పతాకాలకూ అవే వర్ణాలు. కనుక యుద్ధభూమిలో ఎవరి సేన ఏదో చెప్పవలసిన పనే లేదు.

అయితే ‘పసుపు’ అని వ్రాసినంత మాత్రాన చాలదు. పసుపులు ఎన్నో! అద్దకం వేసిన గుడ్డముక్కనే అతికించి, ప్రక్కన చిత్రీకరణ జరిగే వేళకు తీసిన స్థలం ఫొటో ఉంచాలి. ఆపై ఆ గుడ్డను ఆ నేలమీదనే కెమెరాతో పరీక్షించాలి. ఎండుగడ్డిలో కలిసిపోయే పసుపు, పచ్చని కొండవాలుపై ప్రస్ఫుటమవుతుంది.

ఇతర చిత్రాల అందమైన బొమ్మలతో నింపిన పుస్తకాన్ని మేము అంతగా నమ్మము. ఒక్కొక్క బొమ్మది ఒక్కొక్క వెలుగు. బొమ్మ క్రింద ‘ఇందు వస్త్రం మాత్రమే గ్రాహ్యం, కాంతి కాదు’ అని వ్రాయనిచో, కళాదర్శకుడు గోడ రంగును, దర్జీ అంచును గ్రహిస్తారు. పుటను ఇద్దరికీ విడివిడిగా చూపి, ఏమి గ్రహించారో అడిగితే లోపం అప్పుడే బయటపడుతుంది.