చవక ఇన్‌స్టాల్ అసలు ఖరీదు

యాప్ ప్రకటనల ఖర్చును ఇన్‌స్టాల్‌ల సంఖ్యతో భాగిస్తే వచ్చేది సీపీఐ, అంటే ఒక్కో ఇన్‌స్టాల్‌కు పడిన ఖర్చు. క్యాంపెయిన్ మొదలైన మర్నాడే ఈ అంకె తెర మీద కనబడుతుంది. అందుకే నిర్ణయాలు చాలావరకు దాన్ని చూసే జరిగిపోతాయి. వచ్చినవాళ్లు నిలిచారా, ఏమైనా కొన్నారా అన్నది తెలియాలంటే నెల ఆగాలి. అప్పటికి బడ్జెట్ ఖర్చయిపోయి ఉంటుంది.

ఒక ఊహాజనిత లెక్క వేసి చూద్దాం. తెలుగు పదాల ఆట ఒకటి ఉందనుకోండి. ఆడడం ఉచితం, సూచనలు కావాలంటే కొనుక్కోవాలి. రెండు క్యాంపెయిన్‌లకు చెరో లక్ష రూపాయలు పెట్టారు. మొదటిదాంట్లో ఇన్‌స్టాల్ 10 రూపాయలకే పడింది, 10,000 మంది వచ్చారు. రెండోదాంట్లో 40 రూపాయలు పడింది, 2,500 మందే వచ్చారు.

మర్నాడు యాప్ మళ్లీ తెరిచినవాళ్లు మొదటిదాంట్లో 20 శాతం, రెండోదాంట్లో 40 శాతం. మనుషుల్లో లెక్కిస్తే 2,000, 1,000. ఏడో రోజుకు 5 శాతం, 18 శాతం. అంటే 500, 450. చూడండి, వారం గడిచినా చవక క్యాంపెయినే ముందుంది! అక్కడ ఆగిపోయినవాళ్లు బడ్జెట్ అంతా దానికే మళ్లిస్తారు. ముప్ఫయ్యో రోజుకు మొదటిదాంట్లో 1 శాతం, అంటే 100 మంది మిగిలారు. రెండోదాంట్లో 8 శాతం, అంటే 200 మంది. నెల నిలిచిన ఒక్కో మనిషికి మొదటిదాంట్లో 1,000 రూపాయలు, రెండోదాంట్లో 500 పడ్డాయి. ఏ రోజు ఇన్‌స్టాల్ చేసినవాళ్లను ఆ రోజు గుంపుగానే ఉంచి, ఒకే వయసున్న గుంపులను పోల్చితేనే ఈ తేడా బయటపడుతుంది. నిన్న వచ్చినవాళ్లను, నెల కిందట వచ్చినవాళ్లను కలిపేస్తే సగటు ఏమీ చెప్పదు.

ఇక కొనుగోళ్లు. మొదటి గుంపులో 20 మంది సగటున 250 రూపాయల చొప్పున కొన్నారు, 5,000 వచ్చింది. రెండో గుంపులో 75 మంది 500 చొప్పున కొన్నారు, 37,500 వచ్చింది. ఇందులో యాప్ స్టోర్ వాటా పోవాలి. అది 15 శాతం అనుకుంటే చేతికి అందేది 4,250, 31,875. ఇన్‌స్టాల్ ఒక్కింటికి 42 పైసలు ఒకవైపు, 12 రూపాయల 75 పైసలు మరోవైపు. చవక క్యాంపెయిన్‌లో సీపీఐని బేరమాడి 2 రూపాయలకు దించినా, పెట్టిన ఖర్చులో ఐదోవంతే వెనక్కి వస్తుంది. 40 రూపాయలది ఇప్పటికే మూడోవంతుకు దగ్గరపడింది, పైగా అందులో 200 మంది ఇంకా ఆడుతున్నారు.

ఈ తేడాకు ఒక పెద్ద కారణం క్యాంపెయిన్‌కు ఇచ్చిన లక్ష్యం. గూగుల్ యాప్ క్యాంపెయిన్‌లో ‘ఇన్‌స్టాల్‌లు’ అని ఎంచుకుంటే, యాప్ దింపుకునే అవకాశం ఎక్కువున్నవాళ్లను అది వెతికి తెస్తుంది. యాప్‌లో జరిగే పని, ఉదాహరణకు కొనుగోలు, లక్ష్యంగా పెడితే అలాంటి పని చేసే అవకాశమున్నవాళ్లను వెతుకుతుంది. వాళ్లకోసం పోటీ ఎక్కువ, కాబట్టి ధర పెరుగుతుంది. నాణేలు, రివార్డులు ఇస్తామని చెప్పి రప్పించిన ఇన్‌స్టాల్‌లు మరీ చవక. అవి చేతికందగానే చాలామంది యాప్ తీసేస్తారు.

రిటెన్షన్ బాగున్నంత మాత్రాన నమ్మేయకూడదు కూడా. క్లిక్ ఫ్లడింగ్ అనే మోసం ఉంది. ఎవరూ నొక్కని ప్రకటనలకు లక్షల కొద్దీ నకిలీ క్లిక్‌లు పంపి, తర్వాత ఎవరైనా తమంతట తాము యాప్ దింపుకుంటే ఆ ఘనత తమదే అని డబ్బు వసూలు చేస్తారు. తమ ఇష్టంతో వచ్చిన మనుషులు కాబట్టి వాళ్లు నిలుస్తారు, కొంటారు, లెక్కలన్నీ అందంగా ఉంటాయి. పట్టుకునే దారి క్లిక్‌కు, ఇన్‌స్టాల్‌కు మధ్య సమయం. నిజమైన ప్రకటన అయితే ఎక్కువ ఇన్‌స్టాల్‌లు మొదటి గంటలోనే పడతాయి. ఇక్కడ మాత్రం రోజంతా సమంగా పరుచుకుని ఉంటాయి. అనుమానం వస్తే ఆ ప్రకటనలు కొన్నాళ్లు ఆపి చూడాలి. మొత్తం ఇన్‌స్టాల్‌లు తగ్గకపోతే ఇన్నాళ్లూ మన సొంత వాడుకరులకే మనం డబ్బు కట్టామన్నమాట.

మన లెక్కలో రెండో క్యాంపెయిన్‌కూ ఒక బలహీనత ఉంది. ఆ 75 మందిలో ఐదుగురు తలా 3,000 పెట్టారనుకోండి, 15,000 వాళ్లదే. వాళ్లను పక్కనపెడితే మిగతా 70 మంది సగటు 321 రూపాయలకు పడిపోతుంది. ఆ ఐదుగురు ఈ క్యాంపెయిన్ స్వభావం వల్ల వచ్చారా, అదృష్టం వల్లా అన్నది ఒక్క గుంపుతో తేలదు. అందుకని ఖర్చు ఒక్కసారిగా పదింతలు చేయకుండా, మరో రెండు నెలల గుంపులను ఇదే ధరకు తెచ్చి, అరవయ్యో రోజున, తొంభయ్యో రోజున ఎంత తిరిగొచ్చిందో చూడాలి.