బోటు మీద నంబర్ చదవడం ఎలా? అది ఏం చెబుతుంది, ఏం చెప్పదు

శ్రీకాకుళం, విజయనగరం తీర గ్రామాల మత్స్యకారులు చాలామంది ఏటా కొన్ని నెలలు గుజరాత్ వెళ్లి వెరావల్ బోట్లలో పని చేస్తారు. 2018 నవంబరులో అలా వెళ్లినవాళ్లను పాకిస్తాన్ సముద్ర భద్రతా సిబ్బంది పట్టుకున్నారు. కరాచీలోని మలీర్ జైలులో ఉన్న వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర ఇండియాకు తిరిగొచ్చారు.

ఇలాంటి ఘటన జరిగినప్పుడు మొదట బయటికి వచ్చే సమాచారంలో తరచూ బోటు నంబర్ ఉంటుంది. లోపల ఉన్న మనుషుల పేర్లు తేలడానికి టైమ్ పడుతుంది. ఆ నంబర్ చదవడం వస్తే, తమవాళ్లు ఎక్కిన బోటు అదేనా కాదా అన్నది ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది.

నంబర్‌లో ఐదు ముక్కలు

ఉదాహరణకు ఒక బోటు మీద ఇలా రాసి ఉందనుకుందాం (ఇది వివరణ కోసం తీసుకున్న నంబర్ మాత్రమే):

IND-GJ-32-MM-1234

మొదటి ముక్క IND దేశం పేరు. ఈ బోటు భారతదేశంలో రిజిస్టర్ అయింది, దాని జెండా భారత జెండా అని అర్థం. సముద్రంలో ఏ దేశం వాళ్లు ఆపినా ముందు చూసేది ఇదే. బోటు తరఫున మాట్లాడే హక్కు ఆ జెండా దేశానికి ఉంటుంది.

రెండోది GJ, అంటే గుజరాత్ రాష్ట్రం. ఆంధ్ర బోటు అయితే AP, తమిళనాడు అయితే TN ఉంటుంది.

మూడోది 32. ఇది రిజిస్టర్ అయిన జిల్లా లేదా రేవు కోడ్. గుజరాత్‌లో 32 అంటే వెరావల్ ఉన్న గిర్ సోమనాథ్, 25 అంటే పోర్‌బందర్. విశాఖ బోట్ల మీద ఇక్కడ V5 కనిపిస్తుంది.

నాలుగోది బోటు రకం. లోపల ఇంజిన్ బిగించిన పెద్ద మెకనైజ్డ్ బోటుకు MM, చిన్న మోటారు తగిలించిన పడవకు MO అని రాస్తారు. చివరి అంకెలు ఆ బోటు సొంత నంబర్.

బండి నంబర్‌లా చదవకండి

గుజరాత్‌లో బోటు కోడ్, బండి కోడ్ ఒకటే. గిర్ సోమనాథ్ బండి మీద కూడా GJ-32 ఉంటుంది. దాంతో అన్ని రాష్ట్రాల్లో ఇంతే అనుకుంటారు. కానీ తమిళనాడులో రోడ్డు మీద TN-10 కనిపిస్తే అది చెన్నై బండి. సముద్రంలో IND-TN-10 కనిపిస్తే అది రామేశ్వరం వైపు, రామనాథపురం జిల్లా బోటు. ఒకే కోడ్ అయినా ఊర్లు వేరు.

ఎక్కువగా జరిగే పొరపాటు

తండేలు గానీ, తోటి కలాసీ గానీ ఫోన్‌లో "మన బోటు 1234" అని మాత్రమే చెబుతారు. ఇంట్లోవాళ్లు అదే రాసుకుంటారు. తర్వాత టీవీలో IND-GJ-25-MM-1234 పట్టుబడిందని వస్తే ఇల్లంతా ఏడుపులే. నిజానికి అది పోర్‌బందర్ బోటు, తమవాళ్లది వెరావల్ బోటు. చివరి అంకెలు కలిసినంత మాత్రాన బోటు ఒకటి కాదు, ఐదు ముక్కలూ కలవాలి.

బోటు పేరు మీద ఆధారపడటం కూడా ప్రమాదమే. 'అల్ మదీనా' లాంటి పేరు ఒకే రేవులో చాలా బోట్లకు ఉండొచ్చు. పేరు ఓనర్ ఇష్టం, నంబర్ మాత్రం ప్రభుత్వం ఇచ్చేది. 2008 ముంబై దాడుల ఉగ్రవాదులు హైజాక్ చేసింది కూడా 'కుబేర్' అనే పోర్‌బందర్ బోటునే. ఆ దాడుల తర్వాతే దేశమంతా బోట్లకు ఒకే పద్ధతి రిజిస్ట్రేషన్ మీద కేంద్రం గట్టిగా పట్టుబట్టింది.

నంబర్ చెప్పనిది

ఈ నంబర్ బోటు ఇల్లు ఎక్కడో చెబుతుంది, మనుషుల ఇల్లు ఎక్కడో చెప్పదు. GJ-32 బోటులో ఉన్నవాళ్లంతా శ్రీకాకుళం వాళ్లే అయినా, నంబర్ పట్టుకుని వెతికేవాళ్లు ముందు వెళ్లేది గుజరాత్ మత్స్యశాఖ దగ్గరికి, అక్కడి ఓనర్ దగ్గరికి. కలాసీల ఊరు తేలాలంటే బోటు బయల్దేరే ముందు ఇచ్చిన సిబ్బంది లిస్టు, ఆధార్, మత్స్యకార గుర్తింపు కార్డు కావాలి. లిస్టులో పేరు లేకుండా ఎక్కినవాళ్ల విషయంలోనే ఆలస్యం ఎక్కువ. పట్టుబడిన మనిషి ఏ దేశం వాడో అతని సొంత ఊరి నుంచి నిర్ధారణ అయితే గానీ విడుదల ముందుకు సాగదు.

ఇండియా, పాకిస్తాన్‌లు 2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జులై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. మత్స్యకారుల లెక్క అందులో విడిగా ఉంటుంది.

అందుకే మనిషి గుజరాత్ రైలు ఎక్కి వెళ్లాక, బోటు ఖాయం కాగానే నంబర్ రాసి ఉన్న ముందు భాగాన్ని ఫోటో తీసి ఇంటికి వాట్సాప్ చేయమనాలి. పెయింట్ ఊడి అంకె సగమే కనిపిస్తుంటే రిజిస్ట్రేషన్ కాగితం ఫోటో అడగాలి. సీజన్ మధ్యలో బోటు మారితే కొత్త నంబర్ కూడా తీసుకోవాలి. ఓనర్ ఫోన్ నంబర్, కలాసీ గుర్తింపు కార్డు కాపీ దాంతోపాటే ఉంచుకోవాలి. రేపు ఏదైనా జరిగితే కలెక్టరేట్‌లో, మత్స్యశాఖ ఆఫీసులో ముందుగా అడిగేవి ఇవే.