చావు తెంచని పెళ్లి: ఒక కల్పిత జాతి చట్టం

కల్పిత జాతికి దేవుళ్ల పేర్లు పెట్టడం, సృష్టి కథ అల్లడం సులువే. ఆ నమ్మకం వాళ్ల పెళ్లిళ్లలో, తగవుల్లో ఎలా పనిచేస్తుందో చూపడమే కష్టం. ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు జె.ఆర్.ఆర్. టోల్కీన్ (1892–1973) తన ఎల్ఫ్ జాతికి రాసిన వివాహ ధర్మం ఈ పనికి గొప్ప నమూనా. ఆ రచన ఆయన మరణించాక, 1993లో, కుమారుడు క్రిస్టొఫర్ సంపాదకత్వంలో ‘మోర్గాత్స్ రింగ్’ సంపుటంలో అచ్చయింది.

అన్నిటికీ పునాది చావును గురించిన నమ్మకం. ఎల్ఫ్‌లకు వృద్ధాప్యపు చావు లేదు. గాయంతోనో తీరని దుఃఖంతోనో శరీరం పోయినా ఆత్మ ఈ లోకం దాటదు. మాండోస్ అనే దేవత మందిరాల్లో కొంతకాలం ఉండి, మళ్లీ అదే మనిషిగా శరీరం పొందవచ్చు.

దీన్నిబట్టే చట్టం పుడుతుంది. చనిపోయిన భార్య ఎక్కడికీ పోలేదు, రేపు తిరిగి రావచ్చు. కాబట్టి భర్తకు మారుమనువు లేదు. టోల్కీన్ నిష్ఠగల కాథలిక్. ఆయన మతంలోనూ పెళ్లి బంధం తెగదు, కానీ మరణం దాన్ని ముగిస్తుంది. మరణమే ముగింపు కాని లోకంలో పెట్టేసరికి అదే సూత్రం ఇంకా కఠినమైంది.

రాజు ఫిన్వే భార్య మీరియెల్, కొడుకు ఫెయనోర్‌ను కన్నాక సత్తువంతా ఉడిగి ప్రాణం విడిచింది. తిరిగి రానంది. ఫిన్వేకు ఇంకా పిల్లలు కావాలి. దేవతలు సభ తీరి వాదించుకున్నారు. కొందరు మీరియెల్‌ను తప్పుపట్టారు, నియెన్నా అనే దేవత ఆమె అలసటను జాలితో చూడమంది. చివరికి తీర్పు వచ్చింది: చనిపోయినవారు ఎన్నటికీ తిరిగి రామని తేల్చి చెబితే, గడువు పెట్టి, పెళ్లి రద్దు చేయవచ్చు. అయితే ఆ మాట మళ్లీ మార్చుకోకూడదు, ఎందుకంటే ఒకరికి ఇద్దరు సజీవ భార్యలు ఉండరాదు. అంటే భర్తకు దొరికిన స్వేచ్ఛకు మూల్యం మీరియెల్ పునర్జీవితమే.

ఫిన్వే ఇండిస్‌ను పెళ్లాడాడు. ఫెయనోర్ ఆ పెళ్లిని సహించలేదు. సవతి తమ్ముళ్లతో అతని వైరం ఆ జాతి చరిత్రనే చీల్చింది. ఇది లేకుంటే ఆ తీర్పు కాగితం మీది నిబంధనగానే మిగిలేది.

నమ్మకం నిజంగా చట్టాన్ని మలిచిందా అని తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది: ఆ నమ్మకాన్ని తీసేసి చూడాలి. చట్టం అలాగే నిలబడితే, మతం అక్కడ అలంకారం మాత్రమే. ఎల్ఫ్‌ల పునరాగమనాన్ని తీసేస్తే ఫిన్వే ఒక మామూలు విధురుడు, సభకే పనిలేదు.

చట్టం ముందు దేవతలూ కట్టుబడే ఉంటారు. తర్వాత ఫిన్వే హతుడై మాండోస్ మందిరాలకు చేరాడు. అప్పుడు మీరియెల్ మనసు మారి మళ్లీ బతకాలనుకుంది. ఫిన్వే తానిక ఎన్నటికీ శరీరం కోరనన్నాడు. అతను చనిపోయినవారిలోనే ఉండిపోతే ఇద్దరు భార్యల చిక్కు రాదు కనుక, నిబంధనను మీరకుండానే ఆమెకు తిరిగి వచ్చే అనుమతి దొరికింది.