మగ్ మీద తెల్లకుక్క

పుట్టినరోజు కానుకగా పెంపుడు కుక్క బొమ్మతో కాఫీ మగ్ చేయించుకోవడం ఇప్పుడు మామూలే. ఫోన్లో ముద్దుగా కనిపించిన బొమ్మ మగ్ మీద మసకబారిందనో, చుట్టూ బూడిదరంగు డబ్బా పడిందనో వచ్చే ఫిర్యాదులూ మామూలే. తప్పు ప్రింటింగ్ యంత్రానిదే అనుకుంటారు కానీ, చాలాసార్లు అది షాపుకు పంపిన ఫైల్లోనే ఉంటుంది.

మన ఇళ్లలో బాగా కనిపించే తెల్ల స్పిట్జ్ కుక్కనే తీసుకుందాం. చాలామంది దీన్ని పమేరియన్ అని పిలుస్తుంటారు. మగ్ మీద బొమ్మ మూడు అంగుళాల ఎత్తు ఉండాలనుకుంటే, అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన నిలువునా 900 పిక్సెళ్లు కావాలి. ఇక్కడ లెక్కలోకి వచ్చేది కుక్క ఒక్కటే. దాని వెనకున్న గోడ, సోఫా కాదు. ఫోన్ కెమెరా 4000 పిక్సెళ్ల ఎత్తున్న ఫొటో తీసిందనుకోండి. అందులో మూడోవంతు మాత్రమే కుక్క ఉంటే దాని వాటా సుమారు 1300 పిక్సెళ్లు. ఇది ధారాళంగా సరిపోతుంది.

అదే ఫొటో వాట్సాప్‌లో మామూలుగా పంపితే కథ మారుతుంది. పొడవు వైపు 1600 పిక్సెళ్లకు కుదించుకుపోయిందంటే కుక్క వాటాకు మిగిలేది 520 మాత్రమే. మూడు అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 173 పిక్సెళ్లే వస్తాయి. కళ్లలో మెరుపు, ముక్కు దగ్గరి వెంట్రుకలు అలికేసినట్టవుతాయి. సాఫ్ట్‌వేర్‌లో 72 ఉన్నచోట 300 అని అంకె మార్చినంత మాత్రాన ఫొటోలో లేని వెంట్రుకలు పుట్టుకురావు. అందుకే ఒరిజినల్ ఫైలును ‘డాక్యుమెంట్’గా పంపాలి. అది దొరక్కపోతే బొమ్మను రెండు అంగుళాలకు తగ్గించుకోవడం మేలు.

ఇక కత్తిరింపు. ఉచితంగా దొరికే గింప్‌లోనైతే ముందుగా Layer మెనూలోని Transparency కింద Add Alpha Channel నొక్కాలి. ఇది చేయకుండా తుడిస్తే ఆ చోటు పారదర్శకం కాదు, బ్యాక్‌గ్రౌండ్ రంగుతో నిండిపోతుంది. ఒకే రంగును పట్టుకుని తీసేసే మంత్రదండం లాంటి టూల్‌ను తెల్లకుక్క మీద ప్రయోగిస్తే గోడతోపాటు చెవినీ మింగేస్తుంది. లేయర్ మాస్క్ వేసి, వద్దన్నచోట నల్లరంగు, కావాలన్నచోట తెల్లరంగు పూయడం నిదానమైన పద్ధతే. కానీ చెయ్యి జారితే మళ్లీ తెల్లరంగు పూసి చెవిని వెనక్కి తెచ్చుకోవచ్చు. వీపు, కాళ్ల దగ్గర అంచు కాస్త గట్టిగా ఉన్నా పర్వాలేదు. మెడచుట్టూ, తోక దగ్గర మాత్రం సన్నటి మెత్తని బ్రష్ కావాలి. ఒక్కో వెంట్రుకనూ కాపాడాలనే పట్టుదల అనవసరం. మూడు అంగుళాల బొమ్మలో అవి ఎలాగూ లెక్కకు రావు.

పని అయ్యాక కుక్క కింద ఓ ముదురు నీలం లేయర్, తర్వాత ఓ ఎర్ర లేయర్ పెట్టి చూడాలి. గడ్డిలో తీసిన ఫొటో అయితే పొట్ట కింద వెంట్రుకలకు పచ్చటి అంచు అంటుకుని ఉంటుంది. తెల్లని తెర మీద కనిపించని ఈ మరక ఇక్కడ బయటపడుతుంది. మాస్క్‌ను ఒకటి రెండు పిక్సెళ్లు లోపలికి జరిపితే చాలావరకు పోతుంది.

అసలు చిక్కు తెల్లకుక్కదే. మగ్‌ల మీద ఎక్కువగా వాడే సబ్లిమేషన్ ప్రింటింగ్‌లో తెల్ల ఇంకు ఉండదు. బొమ్మలో తెలుపున్నచోట మగ్ పూతే తెలుపుగా కనిపిస్తుంది. అంటే ఎంత చక్కగా కత్తిరించినా ఆ కుక్క ఒళ్లు మగ్‌లో కలిసిపోయి, రెండు కళ్లు, ముక్కు, నాలుక మాత్రం గాల్లో తేలుతుంటాయి. దీనికి రెండు దారులున్నాయి: కుక్క చుట్టూ స్టిక్కర్‌లా ఓ రంగు గీత, లేదా వెనక ఓ రంగు వృత్తం. 300 లెక్కన 24 పిక్సెళ్ల గీత మగ్ మీద రెండు మిల్లీమీటర్లు వస్తుంది, అది చాలు. వృత్తమే అందంగా ఉంటుంది. తోక కుచ్చు దాని మీద చక్కగా తేలుతుంది.

పారదర్శకత విలువ తెలిసేది కూడా ఈ వృత్తం దగ్గరే. ఫైలును జేపీజీగా సేవ్ చేస్తే ఖాళీ చోటంతా తెల్ల డబ్బాగా మారి వృత్తాన్ని కప్పేస్తుంది. కనుక .png గానే ఎక్స్‌పోర్ట్ చేయాలి. అంతకుముందు చుట్టూ ఉన్న ఖాళీని కత్తిరించాలి. లేకపోతే షాపులో ఆ ఖాళీని కూడా బొమ్మగానే కొలిచి కుక్కను చిన్నదిగా అచ్చువేస్తారు. గళ్లగళ్ల నేపథ్యం కనిపించింది కదా అని నమ్మేయకూడదు. ఇంటర్నెట్‌లో దొరికే కొన్ని బొమ్మల్లో ఆ గళ్లు నిజంగానే అచ్చయి ఉంటాయి.

చివరగా, కుక్క పేరు కూడా రాయిస్తుంటే దాన్ని మామూలుగానే ఇవ్వండి. కాగితం మీద తిరగేసి ప్రింట్ తీసే పని షాపువాళ్లది. ఇంటి దగ్గర మీరూ తిరగేస్తే మగ్ మీద పేరు తలకిందులైన అద్దంలో చూసినట్టు కాకపోయినా, కుడి ఎడమలు మారి పడుతుంది.