జీతం కంటే ముందు బదిలీ నిబంధన చదవండి

డిగ్రీ పూర్తయిన పిల్లలున్న ఇంట్లో బ్యాంకు ఉద్యోగం మాట వస్తే ముందుగా జీతం గురించి అడుగుతారు. ఆ తర్వాత క్లర్కు పరీక్ష తేలికా, పీవో పరీక్ష తేలికా అని ఆరా తీస్తారు. ఉద్యోగంలో చేరి ఐదారేళ్ళు గడిచాక అదే ఇంట్లో చర్చ మారిపోతుంది. ఈసారి బదిలీ ఎక్కడికి? వచ్చిన ప్రమోషన్ తీసుకోవాలా, వదులుకోవాలా? ఈ ప్రశ్నలకు జవాబు దరఖాస్తు చేసిన రోజే సగం నిర్ణయమైపోతుంది. ఎందుకంటే క్లర్కు, ఆఫీసరు, ప్రైవేటు బ్యాంకు ఉద్యోగి... ఈ ముగ్గురికీ వర్తించే నిబంధనలు వేరువేరు.

ఊహకు ఒక ఉదాహరణ తీసుకుందాం. నంద్యాలలో బీకాం చదివిన 23 ఏళ్ళ అమ్మాయి. క్లర్కు పరీక్ష, పీవో పరీక్ష రెండూ రాస్తోంది. ఈలోగా ఒక ప్రైవేటు బ్యాంకు నుంచి కూడా పిలుపు వచ్చింది. మూడు దారుల్లో ఆమె ఎక్కడికి చేరుతుందో చూద్దాం.

క్లర్కు: రాష్ట్రం దాటని ఉద్యోగం

స్టేట్ బ్యాంకు కాక మిగిలిన 11 ప్రభుత్వరంగ బ్యాంకులకు ఐబీపీఎస్ పరీక్ష నిర్వహిస్తుంది. క్లర్కు పోస్టును ఇప్పుడు కస్టమర్ సర్వీస్ అసోసియేట్ అంటున్నారు. ప్రిలిమ్స్, మెయిన్స్ ఉంటాయి, ఇంటర్వ్యూ ఉండదు. అభ్యర్థి ఏదో ఒక రాష్ట్రానికే దరఖాస్తు చేయాలి, ఆ రాష్ట్ర భాష వచ్చి ఉండాలి.

ఈ షరతు వెనుక పెద్ద చరిత్రే ఉంది. క్లర్కులు పారిశ్రామిక చట్టాల కింద కార్మికుల కోవలోకి వస్తారు. 1953 నాటి శాస్త్రి అవార్డు దగ్గర్నుంచి వాళ్ళ సర్వీసు షరతులు అవార్డుల మీద, ఆ తర్వాత యూనియన్లతో కుదిరిన ద్వైపాక్షిక ఒప్పందాల మీద నడుస్తున్నాయి. క్లర్కును రాష్ట్రం లేదా భాషా ప్రాంతం దాటించకూడదన్న సూత్రం అక్కడిదే. స్టేట్ బ్యాంకు తన జూనియర్ అసోసియేట్ ప్రకటనలో ఇంకా స్పష్టంగా చెబుతుంది: వేరే రాష్ట్రానికి, వేరే సర్కిల్‌కు బదిలీ అవకాశం లేదు. ఇందులో రక్షణ ఉంది, కట్టుబాటూ ఉంది. ఖాళీలు ఎక్కువున్నాయని కర్ణాటకకు దరఖాస్తు చేసి స్టేట్ బ్యాంకులో చేరిన తెలుగు అభ్యర్థి, తర్వాత కర్నూలుకు రావాలనుకున్నా ఆ నియమమే అడ్డొస్తుంది.

రాష్ట్రం లోపలే అంటే సొంత ఊళ్ళోనే అని కాదు. నంద్యాల అమ్మాయికి తొలి పోస్టింగు శ్రీకాకుళం జిల్లాలో రావచ్చు. కొన్నేళ్ళ తర్వాత విజ్ఞప్తి బదిలీ మీద సొంత జిల్లాకు చేరడం మామూలుగా జరిగేదే, కాకపోతే అక్కడ ఖాళీ ఉండాలి.

ఇందుకు చెల్లించే మూల్యం జీతంలో కనిపిస్తుంది. 2024 మార్చిలో సంతకాలు జరిగిన పన్నెండో ద్వైపాక్షిక ఒప్పందం ప్రకారం క్లర్కు మూలవేతనం రూ. 24,050 దగ్గర మొదలవుతుంది. పది ఇంక్రిమెంట్ల తర్వాత రూ. 41,020కి చేరుతుంది. ఆఫీసరు మూలవేతనం రూ. 48,480తో మొదలై, ఒక్క ప్రమోషన్ లేకున్నా పది ఇంక్రిమెంట్లకు రూ. 69,840 అవుతుంది. డీఏ, ఇంటి అద్దె భత్యం వగైరాలు దీనికి అదనం. అంటే పదేళ్ళు పనిచేసిన క్లర్కు మూలవేతనం కొత్తగా చేరిన ఆఫీసరు మూలవేతనం కంటే తక్కువే.

ఆఫీసరు: దేశమంతా పరిధి

పీవో పరీక్షలో మెయిన్స్ తర్వాత ఇంటర్వ్యూ ఉంటుంది. మామూలుగా రెండేళ్ళు ప్రొబేషన్. ఆ రోజు నుంచి ఉద్యోగి బ్యాంకు ఆఫీసర్ల సర్వీసు నిబంధనల పరిధిలోకి వస్తారు. ఆఫీసరును దేశంలోని ఏ శాఖకైనా బదిలీ చేయవచ్చని ఆ నిబంధనలు సూటిగా చెబుతాయి.

ఆఫీసర్ల నిచ్చెన స్కేల్-1 నుంచి మొదలవుతుంది. స్కేల్-4 చీఫ్ మేనేజరు, స్కేల్-5 ఏజీఎం, స్కేల్-6 డీజీఎం, స్కేల్-7 జనరల్ మేనేజరు. కింది స్కేళ్ళ హోదాల పేర్లు బ్యాంకును బట్టి మారతాయి. ప్రతి మెట్టుకూ కనీస సర్వీసు ఎన్నేళ్ళో ఆ బ్యాంకు ప్రమోషన్ విధానంలో రాసి ఉంటుంది. పరీక్ష, ఇంటర్వ్యూ, వార్షిక పనితీరు నివేదిక మార్కులు కలిపి జాబితా తయారుచేస్తారు. ఐఐబీఎఫ్ నిర్వహించే జేఏఐఐబీ, సీఏఐఐబీ పాసైతే ఇంక్రిమెంట్లు వస్తాయి. పై మెట్లకు గ్రామీణ లేదా చిన్న పట్టణాల శాఖల్లో చేసిన సర్వీసును కూడా చూస్తారు.

ఒకే కుర్చీలో ఎక్కువకాలం ఉంటే మోసాలకు ఆస్కారం ఉంటుందన్న ఉద్దేశంతో కీలక స్థానాల్లో ఉన్నవారిని మూడేళ్ళకోసారి మార్చాలని విజిలెన్స్ నిబంధనలు చెబుతాయి. ఇది పక్క శాఖకు మార్పు కావచ్చు, పక్క జిల్లాకూ కావచ్చు. అసలు కుదుపు ప్రమోషన్‌తో వస్తుంది. స్కేల్-3, స్కేల్-4కు చేరేటప్పుడు ఆఫీసర్లు తమ జోన్ దాటి, తరచూ రాష్ట్రం దాటి వెళ్ళాల్సి వస్తుంది. పిల్లలు హైస్కూలుకు వచ్చే వయసు, తల్లిదండ్రులకు అండ కావాల్సిన వయసు కూడా సరిగ్గా అప్పుడే.

ఈ ఇబ్బంది కేంద్రానికి తెలియనిది కాదు. మహిళా ఉద్యోగులను భర్త పనిచేసే చోట, అవివాహితలైతే తల్లిదండ్రులున్న చోట లేదా దగ్గర్లో నియమించాలని 2014లోనే ఆర్థిక సేవల విభాగం బ్యాంకులకు సూచించింది. బదిలీలకు ఆన్‌లైన్ పద్ధతి పెట్టాలని, ఉద్యోగి కోరుకునే చోటు చెప్పే వీలుండాలని, స్కేల్-3 దాకా భాషా ప్రాంతాన్ని పట్టించుకోవాలని, సంవత్సరం మధ్యలో కాకుండా జూన్ లోగా బదిలీలు ముగించాలని 2024 నవంబరులో మళ్ళీ చెప్పింది. ఇవి బాగా ఉపయోగపడే సూచనలే. కానీ కోరుకున్న చోట ఖాళీ లేకపోతే ఈ సూచనలు ఖాళీని సృష్టించలేవు. పాలనా అవసరాల దృష్ట్యా అన్న మాట ప్రతి బదిలీ విధానంలోనూ ఉంటుంది.

క్లర్కు ముందుకొచ్చే కూడలి

మన ఉదాహరణకు వద్దాం. ఆ అమ్మాయి క్లర్కుగా చేరింది అనుకుందాం. ముప్పై ఏళ్ళ వయసుకు నంద్యాలకు దగ్గర్లోని శాఖకు వచ్చింది. భర్త అక్కడే ప్రభుత్వ ఉపాధ్యాయుడు. అప్పుడు ఆఫీసరు ప్రమోషన్‌కు అవకాశం వచ్చింది. సీనియారిటీ దారి ఒకటి, పరీక్ష రాసి త్వరగా వెళ్ళే దారి మరొకటి. ఏ దారిన వెళ్ళినా, స్కేల్-1 ఉత్తర్వు అందుకున్న రోజు నుంచి క్లర్కుకు ఉన్న రాష్ట్ర కంచె తొలగిపోతుంది. బదిలీకి దేశమంతా పరిధి అవుతుంది.

అందుకే ఎంతోమంది క్లర్కులు, ముఖ్యంగా మహిళలు, ప్రమోషన్‌ను వదులుకుంటారు. దాన్ని భయమనో సోమరితనమనో అనడం అన్యాయం. ప్రభుత్వరంగ బ్యాంకులో హోదానూ ఊరునూ ఒకే మూటలో కట్టి ఇస్తారు. విడదీసి తీసుకునే వీలు ఉండదు. వదులుకునే ముందు మాత్రం ఒక విషయం కనుక్కోవాలి. ఒకసారి కాదంటే మళ్ళీ ఎప్పుడు అర్హత వస్తుందన్నది బ్యాంకు విధానంలో రాసి ఉంటుంది. పిల్లల చదువు పూర్తయ్యాక చూద్దాం అనుకునేవాళ్ళు ఆ లెక్క ముందే వేసుకోవాలి.

ఆఫీసరు హోదా కావాలి, రాష్ట్రం దాటకూడదు అనుకునేవారికి గ్రామీణ బ్యాంకులు ఉన్నాయి. 2025లో ఒక రాష్ట్రానికి ఒకే గ్రామీణ బ్యాంకు పద్ధతి వచ్చాక, ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు, తెలంగాణ గ్రామీణ బ్యాంకు ఏ రాష్ట్రానికా రాష్ట్రం పనిచేస్తున్నాయి. బ్యాంకు పరిధి ఎంతో బదిలీ పరిధీ అంతే. వీటికి ఐబీపీఎస్ వేరే పరీక్ష పెడుతుంది.

ప్రైవేటు బ్యాంకు: మార్కెట్ చేతిలో

కొత్తతరం ప్రైవేటు బ్యాంకుల్లో ప్రవేశం మూడు నాలుగు రకాలుగా ఉంటుంది. కాలేజీ ప్రాంగణ ఎంపికలు, నేరుగా ఇంటర్వ్యూ, బ్యాంకు ఏదో విద్యాసంస్థతో కలిసి నడిపే శిక్షణ కోర్సు. ఈ కోర్సులకు ఫీజు లక్షల్లో ఉంటుంది, కాబట్టి చేరే ముందు ఫీజునూ తొలి జీతాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇక్కడ ఎదుగుదలకు కనీస సర్వీసు అనే గోడ అంత గట్టిగా ఉండదు. ఏటా పనితీరు రేటింగు ఇస్తారు. డిపాజిట్లు, రుణాలు, బీమా పాలసీల లక్ష్యాలు దాటేవాళ్ళు చిన్న వయసులోనే శాఖ మేనేజర్లవుతారు. రెండేళ్ళు వరసగా రేటింగు పడిపోతే జీతం పెరగదు, కొన్నిసార్లు ఉద్యోగమే నిలవదు.

బదిలీ విషయంలో కాగితం మీద ప్రైవేటు నిబంధన కూడా కఠినమే. నియామక పత్రంలో దేశంలో ఎక్కడికైనా, ఏ విభాగానికైనా అని రాసి ఉండటం మామూలు. ఆచరణలో శాఖల సిబ్బందిని స్థానికంగానే తీసుకుంటారు, పరిచయాలున్న చోటే ఉంచుతారు, ఎందుకంటే ఆ పరిచయాలే వ్యాపారం. అయితే బదిలీ ఉత్తర్వు వస్తే అండగా నిలిచే ద్వైపాక్షిక ఒప్పందం లేదు. నంద్యాలలో పైమెట్టు లేకపోతే హైదరాబాదుకు మారాలి, లేదా మరో బ్యాంకుకు మారాలి. ప్రైవేటు ఉద్యోగి సాధారణంగా ఊరును నిలబెట్టుకునేది బ్యాంకు మారడం ద్వారానే. 2024 డిసెంబరులో వచ్చిన రిజర్వు బ్యాంకు వార్షిక నివేదిక ప్రైవేటు బ్యాంకుల్లో ఉద్యోగాలు వదిలి వెళ్ళేవారి రేటు సుమారు 25 శాతం ఉందని, అది బ్యాంకులకే ముప్పని హెచ్చరించింది.

దరఖాస్తు దగ్గర చేయాల్సిన పని

పీవో అభ్యర్థులు బ్యాంకుల ప్రాధాన్య క్రమం ఇచ్చేటప్పుడు పేరు ప్రతిష్ఠలు చూసి వరస రాస్తారు. ఆ బ్యాంకు శాఖలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి రాయాలి. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకును కలుపుకొన్న యూనియన్ బ్యాంకుకు తెలుగు రాష్ట్రాల్లో శాఖలు విస్తారంగా ఉన్నాయి. పంజాబ్ అండ్ సింధ్ బ్యాంకు శాఖలు ఎక్కువగా ఉత్తరాదిన, బ్యాంక్ ఆఫ్ మహారాష్ట్రవి ఎక్కువగా మహారాష్ట్రలో ఉంటాయి. సొంత ప్రాంతంలో శాఖలు ఎక్కువున్న బ్యాంకులో తిరిగి రావడానికి ఖాళీలు ఎక్కువ.

స్టేట్ బ్యాంకు పీవోలు మూడేళ్ళు పనిచేస్తామని రూ. 2 లక్షలకు బాండు రాయాలి. కొన్ని ఇతర బ్యాంకుల్లోనూ ఇలాంటిది ఉంది. ప్రైవేటు నియామక పత్రంలో నోటీసు గడువు ఎంతో, శిక్షణ ఖర్చు తిరిగి కట్టాలేమో చూడాలి.

ఊరు, కుటుంబం ముందు అనుకునేవారికి క్లర్కు ఉద్యోగం లేదా గ్రామీణ బ్యాంకు సరైనది. హోదా, జీతం, భద్రత మూడూ కావాలి, ఊరు మారడానికి అభ్యంతరం లేదు అనుకునేవారు పీవో పరీక్షకే గురిపెట్టాలి. లక్ష్యాల ఒత్తిడిని తట్టుకోగలిగి, త్వరగా ఎదగాలనుకునేవారికి ప్రైవేటు బ్యాంకు దారి తెరిచే ఉంది. నోటిఫికేషన్‌లో బదిలీ గురించి ఉండే ఆ రెండు మూడు వాక్యాలను తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి కూర్చుని చదవండి. ఆ తర్వాతే దరఖాస్తు నింపండి.